చెయ్యి తగిలితేనే ఖో

పీరియడ్ అయిపోయాక ఆ ట్రైనీ అమ్మాయి వచ్చి నిద్రగన్నేరు చెట్టు కింద నిలబడింది. చేతిలో రికార్డు పుస్తకం, మెడలో విజిల్, ముఖమంతా చెమట. మధ్యాహ్నం మూడున్నర దాటినా పోలవరంలో ఎండ దిగదు. ప్రాజెక్టు వైపు పోయే టిప్పర్లు లేపిన దుమ్ము గ్రౌండ్ గోడ దాటి వచ్చి మా మీద వాలుతోంది. ఆమె పుస్తకం తెరిచి, నేను సంతకం పెట్టాల్సిన పేజీ తీసి, పెన్ను కూడా పక్కనే పెట్టింది.

"కూర్చో అమ్మా, సంతకం తర్వాత పెడతాను," అన్నాను. ఆ మాటతో ఆమె ముఖం కాస్త పాలిపోయింది. ఎందుకు పాలిపోయిందో నాకు బాగా తెలుసు.

నా ట్రైనింగ్ రోజుల్లో నేనూ అలాగే నిలబడ్డాను. నా మొదటి పాఠం చూడ్డానికి వచ్చిన లెక్చరర్ గారు వెనక బెంచీ మీద కూర్చుని, అయిపోయాక ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాశారు. మొదటిది 'బాగుంది', రెండోది 'క్లాస్ కంట్రోల్ మెరుగుపడాలి'. ఏది బాగుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కంట్రోల్ ఎలా మెరుగుపడుతుందో తెలియక తర్వాతి పాఠంలో గొంతు పెంచాను. దాని తర్వాతి దాంట్లో ఇంకా పెంచాను. చాలా ఏళ్ళు అలా అరుస్తూనే పాఠాలు చెప్పాను. పిల్లలు అల్లరి చేసేది నా గొంతు చాలక కాదనీ, వాళ్ళ వంతు వచ్చేదాకా చెయ్యడానికి ఏ పనీ లేకేననీ నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పది నిమిషాలు మాట్లాడి ఉంటే ఆ సంవత్సరాల పిల్లలకు మంచి జరిగేది.

అందుకే ఇప్పుడు కాలేజీ వాళ్ళు బీపీఈడీ విద్యార్థుల్ని మా బడికి టీచింగ్ ప్రాక్టీసుకి పంపినప్పుడల్లా, ఆ పది నిమిషాల మీదే నా శ్రద్ధంతా. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు వచ్చాక ఈ కోర్సు రెండేళ్ళదయింది. జనరల్ లెసన్ ప్లాన్లు, పర్టిక్యులర్ లెసన్ ప్లాన్లు అని బోలెడు రాస్తారు. గళ్ళు గీసిన చార్టుల్లో వార్మప్‌కి ఇన్ని నిమిషాలు, డిమాన్‌స్ట్రేషన్‌కి ఇన్ని నిమిషాలు అని అందంగా ఉంటుంది. పాఠం మాత్రం చార్టులో జరగదు, మట్టిలో జరుగుతుంది. అక్కడ ఏం జరిగిందో చూసి చెప్పేవాడు కావాలి.

ఆ రోజు పాఠం ఏడో తరగతికి. ముప్పై ఆరు మంది. అంశం ఖో-ఖోలో 'ఖో ఇవ్వడం'. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖో-ఖో ప్రపంచకప్ జరిగి, ఆడవాళ్ళలోనూ మగవాళ్ళలోనూ మన దేశమే గెలిచాక, ఇది పల్లెటూరి ఆటే అనే చిన్నచూపు పిల్లల్లో కొంత తగ్గింది. క్రికెట్ బ్యాటు పట్టుకొచ్చే కుర్రాళ్ళు కూడా వరసలో కూర్చుంటున్నారు.

నేను పాఠం చూసేటప్పుడు టీచర్ని తక్కువ చూస్తాను, పిల్లల్ని ఎక్కువ చూస్తాను. అందరినీ కాదు, ముగ్గురిని. ఆట బాగా వచ్చిన ఒకరు, మధ్యస్థంగా ఉన్న ఒకరు, వెనకబడిన ఒకరు. ఎవరిని ఎంచుకున్నానో టీచరుకు ముందు చెప్పను. కాగితం మీద మూడు వరసలు గీసుకుని, ప్రతి నిమిషానికీ ఆ పిల్ల ఏం చేస్తోందో ఒక్కో అక్షరం వేస్తాను. నిలబడి ఎదురుచూస్తుంటే 'ఎ', చెప్పేది వింటుంటే 'వి', ఒళ్ళు కదులుతుంటే 'క'. దీనికి తోడు ఆ రోజు నేర్పాలనుకున్న పని ఎన్నిసార్లు చేసిందో పక్కన గీతలు. ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డారిల్ సీడెన్‌టాప్ అనే వ్యాయామ విద్యాచార్యుడు, ఆయన శిష్యులు 1970ల చివరి నుంచి ఇలా పిల్లల వైపు నుంచి పాఠాన్ని కొలిచే పద్ధతిని తయారు చేశారు. వాళ్ళ ప్రశ్న తేలికైనదే: పీరియడ్ మొత్తంలో, ఒక పిల్ల తన స్థాయికి తగిన పనిని, ఎక్కువ సార్లు సరిగ్గా వచ్చేలా, ఎంతసేపు చేసింది? గంట కొట్టిన దగ్గర్నుంచి గంట కొట్టే దాకా ఉన్నది పీరియడ్. పిల్లకు దక్కింది మాత్రం ఆ కాస్త సమయమే.

నా కాగితం మీది ముగ్గురిలో ఒకడు చురుకైన కుర్రాడు. బడి జట్టులో ఉన్నాడు. రెండోది అన్నిట్లోనూ నడుమ ఉండే పిల్ల. మూడో అమ్మాయి ఆ ఏడాది మధ్యలో చేరింది. ప్రాజెక్టు ముంపు ఊళ్ళ నుంచి వచ్చి పునరావాస కాలనీలో ఉంటున్న కుటుంబం పిల్ల. క్లాసులో ఎవరితోనూ ఇంకా కలవలేదు.

సరే, చెట్టు కింద కూర్చున్నాం. నేను 'పాఠం ఎలా జరిగిందనుకుంటున్నావు' అని అడగలేదు. అలా అడిగితే వచ్చే జవాబు ఒకటే, 'బానే జరిగిందండి' అని. దాని మీద ఇంకో మాట నిలబడదు. "ఇవాళ ఎవరికి ఖో ఇవ్వడం కొత్తగా వచ్చింది? ఎవరికి రాలేదు?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. జట్టులో ఉన్న కుర్రాడి పేరు చెప్పింది. ఇంకో ఇద్దరి పేర్లు చెప్పింది. ముగ్గురూ ముందే ఆట వచ్చినవాళ్ళు. "రానివాళ్ళు ఎవరో..." అని ఆగిపోయింది. "చూడలేదండి మాస్టారూ," అంది మెల్లగా. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది. అక్కడి నుంచే మాట మొదలుపెట్టాలి, కానీ వెంటనే కాదు.

ముందు ఆమె చేసిన మంచి పని చెప్పాను. "డెమో చూపించేటప్పుడు నువ్వు పిల్లలకు వీపు చూపించి కూర్చున్నావు. ఎందుకలా కూర్చున్నావు?"

"ఏమోనండి. అలా కూర్చున్నానంతే."

చాలామంది ట్రైనీలు పిల్లల వైపు ముఖం పెట్టి కూర్చుని చూపిస్తారు. ఖో-ఖోలో అది పనికిరాదు. ఖో ఎప్పుడూ వెనక నుంచే ఇవ్వాలి. కూర్చున్న ఆటగాడి వీపు మీద అరచెయ్యి పడాలి, ఆ తగలడమూ 'ఖో' అనే కేకా ఒకేసారి జరగాలి. చెయ్యి తగలకుండా కేక వేస్తే ఫౌల్. కేక లేకుండా చెయ్యి తగిలినా, కూర్చున్నవాడు లేవకూడదు. మరి ఆ చెయ్యి ఎక్కడ పడుతోందో పిల్లలకు కనపడాలంటే వీపే కనపడాలి కదా! ఈ అమ్మాయి ఒక పిల్లవాణ్ణి తన వెనక నిలబెట్టి మూడుసార్లు చూపించింది. మొదటిసారి మాట లేకుండా, నెమ్మదిగా, చెయ్యి ఒక్కటే. రెండోసారి చెయ్యీ కేకా కలిపి. మూడోసారి ఆటలో ఉండే వేగంతో, లేచి పరిగెత్తడం దాకా. ఆ మూడోసారి అవగానే పిల్లల్లో ఒక కదలిక వచ్చింది, వాళ్ళ ఒళ్ళు లేవడానికి సిద్ధమయింది. నేను దూరం నుంచి చూశాను.

ఇంకొకటి కూడా చెప్పాను. ఆమె పిల్లల్ని ఎండకు వీపు పెట్టి కూర్చోబెట్టి, ఎండ తన కళ్ళలో పడేలా నిలబడింది. ఆ ఎండలో ఎనిమిది నిమిషాలు కళ్ళు చికిలించుకుని చెప్పింది. పిల్లలు మాత్రం హాయిగా కళ్ళు తెరిచి చూశారు.

ఇవన్నీ విని ఆమె ఆశ్చర్యపోయింది. తాను చేసిందే తనకు తెలియదు. మెచ్చుకోవడంలో ఉన్న అసలు పని ఇదని నా నమ్మకం. చేతికి అబ్బినది చేతికి అబ్బినట్టే ఉంటే, ఇంకో రోజు కంగారులో అది జారిపోతుంది. ఇది చేశావు, దాని వల్ల పిల్లలకు ఇది జరిగింది, అని చెబితే ఆమె రేపు కావాలని చేస్తుంది. ఉత్త 'బాగుంది' చెయ్యి తగలని ఖో లాంటిది. కేక వినిపిస్తుంది, ఎవరు లేవాలో ఎవరికీ తెలియదు.

అప్పుడు కాగితం ఆమె ముందు పెట్టాను. ఏమీ అనలేదు.

నలభై నిమిషాల పీరియడ్‌లో హాజరుకీ, వరసలకీ ఏడు నిమిషాలు పోయాయి. వార్మప్ ఆరు. చెప్పడం, చూపించడం ఎనిమిది. ఆట పదహారు. చివర్లో మళ్ళీ వరసలు కట్టించి పంపడానికి మూడు. ఆట పదహారు నిమిషాలంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ కోర్టు ఒక్కటే. ఎనిమిది మంది కూర్చుంటారు, ఒకరు తరుముతారు, ముగ్గురు పరిగెడతారు. మొత్తం పన్నెండు మంది. మిగతా ఇరవై నాలుగు మంది గీత బయట కూర్చుని చూశారు. మూడు బ్యాచ్‌లుగా మార్చింది కాబట్టి ఒక్కో బ్యాచ్‌కు దక్కింది ఐదు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఆ ఐదు నిమిషాల్లో కుర్రాడికి ఏడుసార్లు ఖో వచ్చింది. నడుమ పిల్లకు రెండుసార్లు. మూడో అమ్మాయి పేరు ఎదురుగా ఒక్క గీతా లేదు. ఆమె వరస చివర, పోల్ పక్కన, పాదాల మీద బరువు వేసి, చేతులు ముందుకు ఆనించి, లేవడానికి సిద్ధంగా ఐదు నిమిషాలూ అలాగే కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

ట్రైనీ ఆ కాగితం చాలాసేపు చూసింది. నేను గోదావరి గట్టు వైపు చూస్తూ కూర్చున్నాను. ఈ నిశ్శబ్దం చూసేవాడికి కష్టమైనది. ఏదో ఒకటి చెప్పి ఆమెకు ఊరట కలిగించాలనిపిస్తుంది. పరిష్కారం నా నాలుక చివరే ఉంది. దాన్ని అప్పుడు చెబితే అది నా పరిష్కారమవుతుంది. వచ్చే వారం నేను చూస్తున్నానని చేసి, నేను లేనప్పుడు మానేస్తుంది.

"ఆ పిల్లకి ఖో ఎందుకు రాలేదండి?" అని ఆమే అడిగింది.

"ఖో ఎవరికివ్వాలో ఎవరు నిర్ణయిస్తారు?"

"తరిమేవాళ్ళేనండి." ఆగింది. "అంటే స్నేహితులకే ఇస్తున్నారు."

అదే సంగతి. ఆటలో ఉన్న స్వేచ్ఛ అది. పరిగెడుతున్నవాడు ఎటు తిరిగాడో చూసి, తనకు నమ్మకం ఉన్నవాడి వీపు మీద చెయ్యి వెయ్యొచ్చు. పోటీలో అది తెలివి. నేర్చుకునే చోట మాత్రం, ఆట వచ్చినవాడికే ఆట ఇంకా వస్తుంది. కొత్తగా వచ్చిన పిల్ల పోల్ పక్కనే ఉండిపోతుంది. టీచరు ఆ పిల్లను ఎవరితోనూ పోటీకి పెట్టలేదు, తిట్టలేదు, పక్కకు నెట్టలేదు. అయినా పాఠం ఆమెను దాటిపోయింది.

"ఇంకో కోర్టు గీస్తే?" అంది ఆమె. తర్వాత తానే దిద్దుకుంది. "నాలుగు గీయొచ్చండి, చిన్నవి." తొమ్మిదేసి మందితో నాలుగు జట్లు. ప్రతి దాంట్లో ఆరుగురు కూర్చుంటారు, ఒకరు తరుముతారు, ఇద్దరు పరిగెడతారు. పూర్తి కొలత కోర్టు అక్కర్లేదు. సున్నప్పొడితో ఒక గీత, రెండేసి అంగల దూరంలో ఆరు గళ్ళు. పోల్ బదులు వెదురు కర్రలు పాతుదామంది. అక్కడ మాత్రం నేను వద్దన్నాను. వేగంగా వచ్చి తిరిగే పిల్ల పట్టు తప్పి పడితే, పొట్టి కర్ర కంటికి గుచ్చుకుంటుంది. పోల్ ఉండాల్సిన చోట సున్నంతో గుండ్రం గీస్తే చాలు. ఇలాంటి దెబ్బ తగిలే విషయాల్లో మాత్రం ఆమే కనుక్కోవాలని నేను ఎదురుచూడను.

ఖో గురించి ఆమె ఒక నియమం పెట్టింది. కూర్చున్న ఆరుగురికీ ఒక్కోసారి ఖో వచ్చేదాకా, ఒకరికి రెండోసారి ఇవ్వకూడదు. నేనైతే ఇంకా మెలికలు పెట్టేవాణ్ణేమో. ఆమెది తేలిక, పిల్లలే లెక్క పెట్టుకోగలరు.

అప్పుడు ఆమె పెన్ను తీసి, వార్మప్ కూడా మారుస్తాను, హాజరు పద్ధతి కూడా మారుస్తాను, చివర్లో రిలాక్సేషన్ కూడా పెడతాను అని గబగబా రాయడం మొదలుపెట్టింది. ఆపాను. వచ్చే పాఠంలో మార్చేది ఒక్కటే: నాలుగు చిన్న కోర్టులు, ఆ నియమం. మిగతావి తర్వాత. ఒకేసారి ఐదు మారిస్తే దేని వల్ల ఏం జరిగిందో తెలియదు. ఒకటి చెడితే ఐదూ చెడ్డవనుకుంటుంది. జట్టుకొక లీడర్ని పెట్టి హాజరు త్వరగా ముగించడం ఒక్కటి ఒప్పుకున్నాను, ఎందుకంటే నాలుగు జట్లు ఏర్పడినప్పుడు అది దానంతటదే వస్తుంది.

"ఆయ్, అలాగేనండి," అంది. అప్పుడు సంతకం పెట్టాను. రిమార్క్స్ గడిలో 'బాగుంది' అని రాయలేదు. ఆమె చేత్తోనే రాయించాను: డెమోలో వీపు చూపించడం కొనసాగాలి, మూడో విద్యార్థినికి కనీసం ఐదుసార్లు ఖో రావాలి.

వారం తర్వాత మళ్ళీ చూశాను. హాజరు మూడు నిమిషాల్లో అయింది. ఆట ఇరవై నిమిషాలు. గ్రౌండ్ అంతా ఖో ఖో అని మార్మోగింది, ఆఫీసు గదిలో ఉన్నవాళ్ళు బయటికి వచ్చి చూశారు. గీత బయట కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు. కుర్రాడికి పది, నడుమ పిల్లకు తొమ్మిది, మూడో అమ్మాయికి ఎనిమిది.

కానీ లెక్క పెరిగిన చోట పని పలచబడింది. వేగం హెచ్చేసరికి చాలామంది చెయ్యి తగలకముందే కేక వేస్తున్నారు. కొందరు కేక వినకుండానే, పక్కవాడి అడుగుల చప్పుడుకే లేచిపోతున్నారు. మూడో అమ్మాయికి వచ్చిన ఎనిమిదిలో నేను సరైనవని లెక్కేసినవి నాలుగే. టీచరు ఆ తప్పులు దిద్దలేదు, ఎందుకంటే చూడలేదు. నాలుగు కోర్టుల మధ్య నిలబడింది. ఎటు తిరిగినా రెండు జట్లు ఆమె వీపు వెనకే.

ఈసారి మాట ఇంకా పొట్టిగా జరిగింది. ఆమె మొదటే అడిగింది, "ఎన్నండి?" అని. లెక్క చెప్పాను. సంతోషపడింది. తర్వాత నేల మీద పుల్లతో నాలుగు గీతలు గీసి, మధ్యలో ఒక చుక్క పెట్టాను. "ఇది నువ్వు. ఇప్పుడు నీకేం కనపడుతోంది?"

ఆమె ఆ చుక్కను చేత్తో చెరిపి, గీతలన్నిటికీ బయట, గోడ వైపు కొత్త చుక్క పెట్టింది. గోడకు వీపు పెట్టి నిలబడితే నాలుగు జట్లూ కళ్ళ ముందుంటాయి. ఒక జట్టు దగ్గరకు వెళ్ళి దిద్దాలన్నా, బయటి అంచు వెంటే నడుస్తూ పోవాలి, మధ్యకు దూరకూడదు. చూపు మాత్రం మిగతా మూడింటి మీద ఉండాలి. పాతికేళ్ళు సర్వీసు ఉన్నవాళ్ళం కూడా ఇది మర్చిపోతుంటాం. ఆ రోజు రికార్డులో ఆమె రాసుకున్నది ఒక్క వాక్యం: గోడ వైపు నిలబడాలి, చెయ్యి తగలని ఖో వినపడగానే విజిల్ వెయ్యాలి.

ఈ పద్ధతికి హద్దు ఉంది, దాచను. గీతలతో తెలిసేది లెక్క ఒక్కటే. పిల్ల భయపడిందా, సంబరపడిందా అనేది నా కాగితం మీద పడదు. యాభై అరవై మంది ఉన్న తరగతిలో ముగ్గురిని చూసి, మిగతావాళ్ళ గురించి తీర్పు చెప్పడమూ సరికాదు. ఆ ముగ్గురూ ఆ రోజు ఎలా గడిపారో చెప్పగలను, అంతే. ఇంకో మాట. ఈ కాగితాన్ని మార్కులకు వాడకూడదు. మార్కులకని తెలిస్తే ట్రైనీలు గీతలు పెంచడానికే పాఠం నడుపుతారు, పిల్లలు చెయ్యి తగలకుండా ఖో కొడుతూనే ఉంటారు.

టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన పిల్లల పాఠాలు చూసే తోటి వ్యాయామోపాధ్యాయులకు నాదొక విన్నపం. ఈసారి వెళ్ళేటప్పుడు ఒక తెల్లకాగితం, ముగ్గురు పిల్లల పేర్లు పట్టుకెళ్ళండి. సంతకం చివర్లో పెట్టండి.

ఆమె మూడో పాఠం రోజున నేను మళ్ళీ అదే చెట్టు కింద కూర్చున్నాను. ఆమె గోడ వైపు నిలబడింది. పీరియడ్ మొత్తంలో పదకొండుసార్లు విజిల్ వేసింది, ప్రతిసారీ ఖో మళ్ళీ ఇప్పించింది. కాలనీ నుంచి వచ్చే ఆ అమ్మాయికి ఏడుసార్లు ఖో వచ్చింది. ఏడింటిలో ఆరు, చెయ్యి తగిలాకే లేచింది.